పరుగుకు ముందు ఏది: ఫిల్టర్ కాఫీ, ఎనర్జీ డ్రింక్ డబ్బా, కెఫీన్ బిళ్ల?

గవర్నర్‌పేటలో నాకు చిన్న మందుల దుకాణం ఉంది. వారానికి నాలుగు రోజులు తెల్లవారకముందే ప్రకాశం బ్యారేజీ మీద పరుగెత్తడం నా అలవాటు. మందులు అమ్మేవాడు, పరుగెత్తేవాడు ఒకడే అయ్యేసరికి ఆటలాడే కుర్రాళ్లు తమ సందేహాలు నా దగ్గరికే తెస్తుంటారు. గత నవంబరులో భవానీపురం నుంచి ఒక అబ్బాయి వచ్చి మూడు వస్తువులు కౌంటరు మీద పెట్టాడు. ఒకటి ఎనర్జీ డ్రింక్ డబ్బా, రెండోది ఆన్‌లైన్‌లో తెప్పించుకున్న కెఫీన్ బిళ్లల సీసా, మూడోది వాళ్లింట్లో వాడే ఇన్‌స్టంట్ కాఫీ పొట్లం.

"అన్నయ్యా, డిసెంబరులో పది కిలోమీటర్ల పోటీ ఉంది. ఈ మూడింటిలో ఏది తీసుకోమంటారు?" అని అడిగాడు.

అతని వయసు 31, బరువు 70 కిలోలు, బ్యాంకులో ఉద్యోగం. పది కిలోమీటర్లు గంటా రెండు నిమిషాల్లో పరుగెత్తుతాడు, గంటలోపు పూర్తి చేయాలని కోరిక. సాయంత్రాలు ఏడున్నర నుంచి షటిల్ ఆడతాడు. గుండె జబ్బు, రక్తపోటు లేవు, రోజూ వేసుకునే మందులూ లేవు. ఈ సంగతులన్నీ ఎందుకు అడిగానో కింద తెలుస్తుంది. ఆ రోజు అతనికి చెప్పిందీ, తర్వాతి నాలుగు వారాల్లో మేమిద్దరం తెలుసుకున్నదీ ఇక్కడ రాస్తున్నాను.

ముందు లెక్క కుదరాలి

కాఫీ మంచిదా, డబ్బా మంచిదా అన్న వాదన చాలామంది రుచి దగ్గరో ధర దగ్గరో మొదలుపెడతారు. మొదలుపెట్టవలసింది శరీర బరువు దగ్గర. ఆటగాళ్ల మీద జరిగిన పరిశోధనల్లో ఎక్కువ భాగం కిలో బరువుకు 3 నుంచి 6 మిల్లీగ్రాముల కెఫీన్ ఇచ్చి చూసినవే. 2 మిల్లీగ్రాములకే ఫలితం కనిపించినవీ ఉన్నాయి. 9 మిల్లీగ్రాముల దాకా వెళ్తే లాభం పెరగదు, వణుకు, గుండెదడ, వికారం మాత్రం పెరుగుతాయి.

మన అబ్బాయికి ఈ లెక్క కట్టి చూద్దాం. కిలోకు 2 చొప్పున 140, 3 చొప్పున 210, 6 చొప్పున 420 మిల్లీగ్రాములు. ఆరోగ్యంగా ఉన్న పెద్దవాళ్లు రోజు మొత్తంలో 400 మిల్లీగ్రాములు, ఒకేసారి అయితే 200 దాటకుండా తీసుకుంటే భయం లేదని ఐరోపా ఆహార భద్రతా సంస్థ 2015లో తేల్చింది. అంటే కిలోకు 6 చొప్పున వేసుకుంటే పొద్దున ఆరు గంటలకే అతని రోజు కోటా దాటిపోతుంది. ఆ తర్వాత బ్యాంకులో తాగే రెండు కాఫీలు, సాయంత్రం టీ అన్నీ అదనమే. జీతం కోసం పరుగెత్తే క్రీడాకారుడు ఆ 6 గురించి ఆలోచించవచ్చు. ఆదివారం పతకం మెడలో వేసుకుని సోమవారం బ్యాంకుకు వెళ్లేవాడికి 2, 3 మధ్య సరిపోతుంది. అందుకే అతని కోసం నేను అనుకున్న అంకె సుమారు 150 మిల్లీగ్రాములు.

ఈ 150 చేసే పని ఏమిటో కూడా చెప్పాలి, ఎందుకంటే ఇది బలం ఇస్తుందని చాలామంది అనుకుంటారు. మెలకువగా ఉన్నంతసేపూ, శ్రమ పడినంతసేపూ మెదడులో అడినోసిన్ అనే పదార్థం పోగవుతుంది. అది తన గ్రాహకాల మీద కూర్చున్నప్పుడు మనకు అలసట తెలుస్తుంది. కెఫీన్ ఆకారం దానికి దగ్గరగా ఉంటుంది కాబట్టి ముందే వెళ్లి ఆ చోట్లను ఆక్రమిస్తుంది. కాళ్లు చేసే పని అంతే ఉంటుంది, ఆ పని బరువు తక్కువగా తోస్తుంది. అందుకే అరగంట, గంట సాగే పరుగులో, సైకిలు తొక్కడంలో దీని ప్రభావం బాగా కనిపిస్తుంది. బరువులెత్తడంలో కొద్దిగానే కనిపిస్తుంది. 1978లో అమెరికాలో సైకిలు తొక్కేవాళ్లకు 330 మిల్లీగ్రాముల కెఫీన్ ఉన్న కాఫీ గంట ముందు ఇచ్చి చూస్తే, 75 నిమిషాల్లో చతికిలబడేవాళ్లు 90 నిమిషాలు తొక్కారు. చెప్పుకోవడానికి చాలా పెద్ద తేడా. కానీ అది ఓపిక అయిపోయేదాకా తొక్కించిన పరీక్ష. నిర్ణీత దూరాన్ని ఎంత త్వరగా పూర్తి చేస్తారన్న పరీక్షల్లో తేడా సాధారణంగా రెండు నుంచి నాలుగు శాతమే. మన అబ్బాయి 62 నిమిషాల్లో రెండు శాతం అంటే 74 సెకన్లు. అతనికి కావలసింది 120 సెకన్లు. మిగతాది కాళ్లే సంపాదించాలని ఆ రోజే చెప్పాను, అతనికి అంతగా నచ్చలేదు.

కాఫీ: పొట్లం మీద చిన్న అక్షరాలు

ముందుగా కాఫీ పొట్లం తిప్పి చూపించాను. వెనక చిన్న అక్షరాలతో కాఫీ 53 శాతం, చికోరీ 47 శాతం అని ఉంది. మనవాళ్లు ఈ అంకెను చదవరు. చికోరీ అనేది ఒక మొక్క వేరు, దాన్ని వేయించి పొడి చేస్తారు. రంగు, చిక్కదనం, చేదు ఇస్తుంది. అందులో కెఫీన్ అసలు ఉండదు. మన దగ్గర కాఫీ, చికోరీ మిశ్రమంలో కాఫీ కనీసం 51 శాతం ఉండాలని, ఎంతెంత ఉందో పొట్లం మీద రాయాలని నిబంధన ఉంది. కాబట్టి చూడాలనుకుంటే సమాచారం కళ్ల ముందే ఉంటుంది.

చికోరీ కలపని ఇన్‌స్టంట్ కాఫీలో గ్రాముకు సుమారు 30 మిల్లీగ్రాముల కెఫీన్ ఉంటుందని అనుకోవచ్చు. రకాన్ని బట్టి కొంచెం అటూ ఇటూ అవుతుంది. 5 గ్రాములు వేస్తే 150 వస్తుంది. అదే 5 గ్రాములు 70 శాతం కాఫీ ఉన్న మిశ్రమంలో తీస్తే 105, అతని 53 శాతం పొట్లంలో తీస్తే 80. కప్పు రంగు మాత్రం మూడింటిలోనూ ఒకేలా నల్లగా ఉంటుంది. "నేను కాఫీ తాగి పరుగెత్తి చూశాను, ఏమీ తేడా లేదు" అన్నవాళ్లలో సగం మంది తాగింది చికోరీ అయి ఉంటుందని నా అనుమానం.

కొలవడంలోనూ ఒక చిక్కు ఉంది. మెత్తటి పొడి చెంచాలో దట్టంగా నిండుతుంది, గుళికల్లా ఉండేది తేలికగా నిలబడుతుంది. ఒకే చెంచాకు ఒకచోట గ్రామున్నర, మరోచోట రెండు గ్రాముల పైన రావచ్చు. వంటింటి డిజిటల్ త్రాసు మీద ఒక్కసారి తూచి, ఇంట్లోని చెంచాతో ఎన్ని అవుతాయో గుర్తుపెట్టుకుంటే చాలు. అతని చెంచాతో సమానంగా గీసి తీస్తే మూడు అయ్యాయి.

ఇక ఫిల్టర్ కాఫీ. నాకిష్టమైనది ఇదే, కానీ లెక్కకు లొంగనిదీ ఇదే. గింజ రకాన్ని బట్టి కెఫీన్ దాదాపు రెట్టింపు మారుతుంది. అరబికాలో పొడి బరువులో 1.2 శాతం ప్రాంతంలో ఉంటే రోబస్టాలో 2.2 శాతం ప్రాంతంలో ఉంటుంది. మన అరకు కాఫీ అరబికా, అంటే సువాసన ఎక్కువ, కెఫీన్ తక్కువ. పొడి పట్టించే దుకాణంలో చిక్కగా రావాలంటే రోబస్టా వాటా పెంచుతారు. 20 శాతం చికోరీ కలిపిన పొడి 10 గ్రాములు ఫిల్టర్లో వేశారనుకుందాం. అందులో అసలు కాఫీ 8 గ్రాములు. అంతా అరబికా అయితే 96 మిల్లీగ్రాములు, అంతా రోబస్టా అయితే 176. అదంతా డికాక్షన్‌లోకి దిగదు. దిగింది కూడా ఇంట్లో ఇద్దరు పంచుకుంటారు. చివరికి మీ గ్లాసులోకి 40 వచ్చిందో 70 వచ్చిందో తెలియదు. రెండో డికాక్షన్ అయితే ఇంకా తక్కువ. దీనికి తోడు పాలు, చక్కెర కలిపిన నిండు గ్లాసు తాగి వెంటనే పరుగెత్తితే కొందరికి కడుపు బరువుగా ఉంటుంది. పరుగు అయ్యాక ఇంటికొచ్చి తాగితే ఫిల్టర్ కాఫీకి సాటి లేదు. ముందు తాగాలంటే మాత్రం పాలు లేని ఇన్‌స్టంట్ కాఫీకే నా ఓటు.

బ్యారేజీ దగ్గర బండి మీద దొరికే టీ సంగతి త్వరగా చెప్పేస్తాను. చిన్న గ్లాసులో 25 నుంచి 40 మిల్లీగ్రాముల మధ్య ఉంటుంది. 150 కావాలంటే నాలుగు నుంచి ఆరు గ్లాసులు తాగాలి. అన్ని పాలు, అంత చక్కెర కడుపులో వేసుకుని ఎవరూ పరుగెత్తలేరు. టీ స్నేహితులతో మాట్లాడుకోవడానికి మంచిది.

డబ్బాలో ఉన్నది ఎక్కువగా చక్కెర

ఎనర్జీ డ్రింక్ అనే పేరు చూసి అందులో మోతాదు ఎక్కువని అతను అనుకున్నాడు. మన దేశంలో కెఫీన్ కలిపిన పానీయాల్లో లీటరుకు 145 నుంచి 300 మిల్లీగ్రాముల మధ్యే ఉండాలి. 250 మిల్లీలీటర్ల డబ్బాలో గరిష్ఠంగా 75. అంటే అతని అవసరంలో సగం. దాంతో పాటు చాలా డబ్బాల్లో పాతిక గ్రాములకు పైగా చక్కెర ఉంటుంది, ఐదారు చెంచాలు. రెండు డబ్బాలు తాగితే కెఫీన్ లెక్క సరిపోతుంది. కానీ అర లీటరు గ్యాసు నిండిన తీపి నీళ్లు కడుపులో ఊగుతుంటే మూడో కిలోమీటరుకే పక్కలో పట్టేస్తుంది. రోజుకు 500 మిల్లీలీటర్లకు మించి తాగవద్దని డబ్బా మీదే రాసి ఉంటుంది, అంటే అక్కడికి ఆ రోజు కోటా కూడా అయిపోయినట్టే.

డబ్బాకు ఒక సుగుణం ఉంది. అందులో ఎంత ఉందో పైన రాసి ఉంటుంది. గంటన్నర దాటే సైకిలు ప్రయాణాల్లో, ఉదాహరణకు విజయవాడ నుంచి కొండవీడు వెళ్లి ఘాట్ రోడ్డు ఎక్కేవాళ్లకు, సగం దారిలో ఒక డబ్బా పనికొస్తుంది. అక్కడ చక్కెర కూడా అవసరమే. గంట పరుగుకు చక్కెర అవసరం అంతగా ఉండదు.

బిళ్ల, పొడి డబ్బా

అతను తెచ్చిన సీసాలో ఒక్కో బిళ్లలో 200 మిల్లీగ్రాములు. లెక్క విషయంలో బిళ్లను మించినది లేదు. సగానికి విరిస్తే 100, మొత్తం వేసుకుంటే 200. రుచి లేదు, కడుపులో నీళ్లు లేవు. మరి నేను ఎందుకు వద్దన్నాను? కాఫీ తాగేవాడికి మొదటి కప్పు రెండో కప్పు వైపు వెళ్లకుండా అడ్డం పడుతుంది. కడుపు నిండుతుంది, నోరు చేదెక్కుతుంది. బిళ్లకు ఆ అడ్డు లేదు. ఒకటి వేసుకుని పావుగంటలో ఏమీ తెలియలేదని రెండోది వేసుకున్నవాళ్లను చూశాను. 70 కిలోల మనిషికి రెండు బిళ్లలంటే 400, దాని మీద ఇంట్లో అమ్మ ఇచ్చిన కాఫీ. ఇంకో సంగతి మందుల దుకాణం వాడిగా చెప్పాలి. తలనొప్పికి వేసుకునే కొన్ని బిళ్లల్లోనూ కెఫీన్ కలిపి ఉంటుంది. పోటీ ముందు రాత్రి నిద్రపట్టక తలనొప్పి వచ్చి ఒకటి వేసుకుంటే అది కూడా ఆ లెక్కలో చేరుతుంది.

జిమ్‌లలో కనిపించే ప్రీ-వర్కౌట్ పొడిని అతను తేలేదు, కానీ అడిగాడు. ఒక్క స్కూపులో 150 నుంచి 300 మిల్లీగ్రాముల దాకా ఉండేవి ఉన్నాయి, కొన్నింటిలో అంతకంటే ఎక్కువ. కొన్ని డబ్బాల మీద పదార్థాలన్నీ కలిపి ఒకే బరువు రాస్తారు, అందులో కెఫీన్ వాటా ఎంతో చెప్పరు. అలాంటిది ఉచితంగా ఇచ్చినా తీసుకోవద్దు. తాగిన పదిహేను నిమిషాలకు ముఖం, చెవులు, అరచేతులు చీమలు పాకినట్టు చిమచిమలాడతాయి. అది కెఫీన్ పనిచేస్తున్న గుర్తు అని కుర్రాళ్లు సంబరపడతారు. అది బీటా అలనైన్ అనే మరో పదార్థం పని. అదేమో వారాల తరబడి రోజూ తీసుకుంటేగానీ కండరాల్లో ప్రభావం చూపదు. ఆ చిమచిమ మీకు ఆ పూట పరుగులో ఒక్క సెకను కూడా తగ్గించదు. ఇక విడిగా దొరికే శుద్ధ కెఫీన్ పొడి జోలికి అసలు పోకూడదు. ఒక చెంచా పొడి కొన్ని పదుల కాఫీలకు సమానం, ప్రాణాలు పోయిన సందర్భాలున్నాయి.

పోటీలో దొరికిపోతానేమో అని కూడా అతనికి బెంగ. 2004 జనవరి నుంచి కెఫీన్ ప్రపంచ డోపింగ్ నిరోధక సంస్థ నిషేధిత జాబితాలో లేదు. ఆ భయం అక్కరలేదు.

ఎప్పుడు తీసుకోవాలి: పొద్దున ఒక మాట, సాయంత్రం ఇంకో మాట

పరగడుపున తాగిన కాఫీలోని కెఫీన్ అరగంట నుంచి గంటలోపు రక్తంలో గరిష్ఠానికి చేరుతుంది. ఇడ్లీలు తిన్నాక తాగితే కొంత ఆలస్యమవుతుంది. పరిశోధనల్లో గంట ముందు ఇవ్వడం ఆనవాయితీ. పోటీ ఐదున్నరకు మొదలవుతుంది కాబట్టి నాలుగున్నరకు తాగమన్నాను. ఈ సమయానికి ఇంకో కారణం కూడా ఉంది, కాస్త మొహమాటంగా ఉన్నా చెప్పాలి. కాఫీ చాలామందికి పెద్దపేగును కదిలిస్తుంది. ఆ కదలిక ఇంట్లో ఉండగా వస్తే వరం. ఐదు గంటలకు కాఫీ తాగి బండెక్కినవాడికి అదే కదలిక మూడో కిలోమీటరులో వస్తే, పక్కన నిండు కృష్ణ ఉన్నా ప్రయోజనం ఉండదు. నాలుగున్నరకు కాఫీ, ఐదులోపు బాత్రూం, ఐదుంబావుకు ఇంటి నుంచి బయటికి. ఈ వరుస తప్పకూడదు.

సాయంత్రం షటిల్ విషయంలో నా సలహా పూర్తిగా వేరు. కెఫీన్ శరీరంలో సగానికి తగ్గడానికి సగటున ఐదు గంటలు పడుతుంది. మనిషిని బట్టి రెండు గంటలు కావచ్చు, తొమ్మిది కావచ్చు. ఆరున్నరకు 150 తీసుకుంటే రాత్రి పదకొండున్నరకు ఇంకా 75 మిగిలి ఉంటుంది. అంటే పడుకునే ముందు ఒక డబ్బా ఎనర్జీ డ్రింక్ తాగి మంచమెక్కినట్టు. నిద్రకు ఆరు గంటల ముందు 400 మిల్లీగ్రాములు తీసుకున్నా నిద్ర గంటకు పైగా తగ్గిందని 2013లో ఒక అధ్యయనం చూపింది. తమాషా ఏమిటంటే, తమకు నిద్ర బాగానే పట్టిందని చాలామంది అనుకుంటారు. మర్నాడు పొద్దున ఒళ్లు బరువెక్కి ఉంటుంది, దానికి ఇంకో కాఫీ. ఆ మత్తులో చేసే పరుగులో పోయే సమయం కెఫీన్ ఇచ్చే 74 సెకన్ల కంటే ఎక్కువే ఉంటుంది. పైగా షటిల్‌లో నెట్ దగ్గర మెత్తగా తాకించాల్సిన దెబ్బలుంటాయి. చేయి సన్నగా వణికినా అవి చెడతాయి. సాయంత్రం ఆటకు నా ఎంపిక ఏమీ తీసుకోకపోవడం. మరీ తప్పదంటే ఐదు గంటలకు ఒక చిన్న గ్లాసు టీ.

ఈ ఐదు గంటల లెక్క అందరికీ వర్తించదు. గర్భనిరోధక మాత్రలు వాడే స్త్రీలలో కెఫీన్ బయటికి పోవడానికి దాదాపు రెట్టింపు సమయం పడుతుంది. గర్భిణులలో ఇంకా ఎక్కువ. వాళ్లకు రోజు మొత్తానికి 200 మిల్లీగ్రాములే హద్దు. సిప్రోఫ్లాక్సాసిన్ అనే యాంటీబయాటిక్ వాడుతున్న రోజుల్లోనూ కెఫీన్ చాలాసేపు నిలిచిపోతుంది. మూత్రనాళ ఇన్ఫెక్షనుకు ఆ కోర్సు వాడుతూ, మామూలు కాఫీకే గుండె దడదడలాడిందని వచ్చినవాళ్లు నా దుకాణంలోనే ఉన్నారు. రక్తపోటు ఉన్నవాళ్లు, గుండె లయ తప్పే ఇబ్బంది ఉన్నవాళ్లు, ఆందోళనకు మందులు వాడేవాళ్లు ఈ ప్రయోగమే పెట్టుకోకూడదు, ముందు తమ డాక్టరును అడగాలి.

నాలుగు ఆదివారాలు

ఇక అతని కథ. బ్యారేజీ పొడవు సుమారు 1.2 కిలోమీటర్లు. ఇటు నుంచి సీతానగరం వైపు వెళ్లి తిరిగి వస్తే 2.4, నాలుగు సార్లు తిరిగితే పదికి కొంచెం తక్కువ. నాలుగు ఆదివారాలు ఒకే దారి, ఒకే సమయం, ముందు రాత్రి ఒకే తిండి. తేడా కాఫీలో మాత్రమే. చికోరీ లేని పొడి ఒకటి, కెఫీన్ తీసేసిన ఇన్‌స్టంట్ పొడి ఒకటి కొని, రెండింటినీ వాళ్లావిడ చేతికిచ్చాం. ఏ వారం ఏది కలపాలో ఆమే నిర్ణయించి, కాగితం మీద రాసి దాచాలి. రెండూ రెండేసి సార్లు రావాలి.

ఇంత తతంగం ఎందుకని అతను విసుక్కున్నాడు. కారణం ఉంది. 2006లో ప్రచురించిన ఒక పరిశోధనలో సైకిలు తొక్కేవాళ్లకు కెఫీన్ ఇస్తున్నామని చెప్పి, అసలు కెఫీన్ ఒక్క గింజంత కూడా ఇవ్వలేదు. పెద్ద మోతాదు వేసుకున్నామని నమ్మినవాళ్లు మూడు శాతం దాకా బాగా తొక్కారు. తమకు ఉత్తి బిళ్ల ఇచ్చారని అనుకున్నప్పుడు మామూలు కంటే తగ్గారు. నమ్మకమే రెండు మూడు శాతం ఇవ్వగలిగినప్పుడు, ఏది తాగామో తెలిసి పరుగెత్తితే ఆ పరీక్షకు విలువ ఉండదు.

మొదటి ఆదివారం 61 నిమిషాల 10 సెకన్లు. రెండోది 62:05. మూడోది 60:40. నాలుగోది 61:30. నాలుగో వారం తర్వాత కాగితం తెరిచాం. మొదటిదీ మూడోదీ అసలు కాఫీ అని అతను బల్లగుద్ది చెప్పాడు. మూడోది నిజమే. మొదటి వారం ఆమె కలిపింది కెఫీన్ లేనిది. అసలు కాఫీ వచ్చినవి మూడు, నాలుగు వారాలు. సగటు చూస్తే కాఫీ ఉన్న రోజులు 61:05, లేనివి 61:38 ప్రాంతం. తేడా అర నిమిషం. నాలుగు పరుగులతో ఏదీ గట్టిగా చెప్పలేం, పైగా వారాలు గడిచేకొద్దీ అతని అభ్యాసం కూడా పెరిగింది. కానీ ఒకటి మాత్రం అతనికే అర్థమైంది. మూడో వారం మొదటి రెండు కిలోమీటర్లు చాలా తేలికగా అనిపించి గబగబా వెళ్లిపోయాడు, చివరి చుట్టులో కాళ్లు మొరాయించాయి. శ్రమ తక్కువగా తోచడం అంటే ఏమిటో ఆ రోజు తెలిసింది. గడియారం చూసి మొదటి సగాన్ని పట్టి ఉంచకపోతే కెఫీన్ ఇచ్చింది కెఫీనే పట్టుకుపోతుంది.

ఇదే కారణంతో మే నెలలో నేను మోతాదు ఇంకా తగ్గిస్తాను. కాఫీ ఒంట్లో నీళ్లు లాగేస్తుందనే భయం మామూలు మోతాదుల్లో నిజం కాదు, పరుగెత్తేటప్పుడు అలా జరగదని పరీక్షలు చూపాయి. నా భయం వేరే. మన విజయవాడ ఎండాకాలంలో ఆరు గంటలకే గాలి కదలదు, చొక్కా పిండితే నీళ్లు కారతాయి. అలాంటప్పుడు నెమ్మదించమని శరీరం పంపే కబురే మనకు రక్ష. ఆ కబురును మసకబార్చే పదార్థం ఆ పూట నాకు అక్కరలేదు.

చేతులు సన్నగా వణకడం, అరచేతుల్లో చెమట, కడుపులో పులుపు, కారణం లేని కంగారు కనిపిస్తే మోతాదు మీకు ఎక్కువైందని అర్థం. ఈసారికి పరుగు మాని నడవండి, వచ్చేసారి మూడో వంతు తగ్గించండి. నీళ్లు ఎక్కువ తాగినంత మాత్రాన కెఫీన్ త్వరగా పోదు, సమయం గడవాల్సిందే. గుండె లయ తప్పినట్టు కొట్టుకోవడం, ఛాతీలో నొప్పి, కళ్లు తిరిగి పడిపోవడం, ఆగని వాంతులు ఉంటే ఇంట్లో వేచి చూడకుండా వెంటనే ఆసుపత్రికి వెళ్లాలి. ఎంత కెఫీన్, ఎన్ని గంటలకు తీసుకున్నారో డాక్టరుకు చెప్పాలి.

రోజూ మూడు కాఫీలు తాగేవాళ్లు పోటీకి వారం ముందు మానేస్తే ప్రభావం పెరుగుతుందని ఒక ప్రచారం ఉంది. రోజూ తాగేవాళ్లలోనూ ప్రభావం కనిపిస్తుందని పరీక్షలు చూపాయి, మానేస్తే మాత్రం రెండు మూడు రోజులు తలనొప్పి, చిరాకు గ్యారంటీ. పోటీ వారంలో ఆ బాధ ఎందుకు?

డిసెంబరు పోటీ రోజు అతను నాలుగున్నరకు మూడు చెంచాల చికోరీ లేని కాఫీ, పాలు లేకుండా, అర చెంచా చక్కెరతో తాగాడు. 60 నిమిషాల 20 సెకన్లు. గంటలోపు రాలేదు. బిళ్లల సీసా నా దుకాణంలోనే వదిలి వెళ్లాడు. షటిల్ రోజుల్లో ఇప్పుడు మజ్జిగ తాగుతున్నాడు, పదకొండుకు నిద్రపోతున్నానని వాళ్లావిడ కాదు, తనే చెప్పాడు. అందుకని పూర్తిగా నమ్మలేదు.